అందరికీ ఆరేసి మార్కులు

వైకుంఠరావు గారికి జీవితంలో ఎవరితోనూ తగువు లేదు. ఈ మాట చెప్పి ఆయన్ని మెచ్చుకునేవాళ్లు బరంపురంలో చాలామంది ఉండేవారు. నేను కూడా కొన్నాళ్లు మెచ్చుకున్నాను. తరవాత ఆయనతో పాటు ఒక కమిటీలో కూర్చోవలసి వచ్చింది, మెచ్చుకోలు మానుకున్నాను.

ఆయన మా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. నేను అదే కాలేజీ లైబ్రరీలో గుమాస్తాని. అంకులి వెళ్లే దారిలో ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు. ఆయన భార్య కూర్మమ్మ గారు గట్టిగా మాట్లాడితే మా వంటింట్లోకి వినబడేది. ఆయన మాట మాత్రం ఆయన గదిలోనే ఆయనకి వినబడేదా అని నాకు అనుమానం.

ప్రాక్టికల్ పరీక్షల్లో ఆయన ప్రతివాడికీ పదికి ఆరు వేసేవారు. బ్యూరెట్టు పగలగొట్టినవాడికి ఆరు. ఉప్పు సరిగ్గా కనిపెట్టినవాడికి ఆరు. జ్వరంతో వచ్చి బల్ల మీద తలపెట్టి పడుకున్నవాడికీ ఆరే. ఆరంటే ఫెయిలు కాదు, గొప్పా కాదు. తండ్రి వచ్చి దెబ్బలాడడు, ప్రిన్సిపాలు పిలిచి అడగడు. ఒకసారి కూర్మమ్మ గారు పనసకాయ కూర వండి, ఎలా ఉందని అడిగితే "పరవాలేదు" అన్నారట. ఆవిడ కూర గిన్నె తీసుకొచ్చి మా ఇంట్లో ఇచ్చేసింది. "మా ఆయనకి నోరుంది గానీ నాలిక నేదు, నువ్ తిను వీరన్నా" అంది. తిన్నాను. కూర అద్భుతంగా ఉంది.

ఆయన మొదటినుంచీ ఇలా లేరని చెప్పకపోతే పాపం తగులుతుంది. గంజాం జిల్లా మద్రాసు వాళ్ల చేతిలోంచి కొత్త ఒరిస్సా రాష్ట్రంలోకి వచ్చిన ఏడాది, ఆయన ఒక తెలుగు కుర్రాడికి ఎనిమిది, ఒక ఒడియా కుర్రాడికి ఏడు వేశారు. వారం తిరక్కుండా సంతకం లేని కార్డు ఒకటి వచ్చింది. "తెలుగు మాస్టరు తెలుగువాడికే వేస్తాడు" అని. మరుసటి ఏడు తారుమారుగా వేశారు. ఈసారి తెలుగువాళ్ల దగ్గరనుంచి కార్డు వచ్చింది. అప్పట్లో మా ఊళ్లో ఎవరు ఎవరికి ఎన్ని వేశారో వేళ్లు మడిచి లెక్కపెట్టుకునే రోజులు. మూడో ఏడాదినుంచి అందరికీ ఆరు. కార్డులు ఆగిపోయాయి. రెండు కార్డు ముక్కలకి భయపడి మనిషి తన తీర్పుని అటక మీద పెట్టేశాడు. అది చూసి జనం "సౌమ్యుడు" అన్నారు.

ఇక కమిటీ సంగతి. మా ఊరి పట్టుచీరల షావుకారు ఒకాయన తల్లి పేరున గురువమ్మ స్మారక స్కాలర్‌షిప్పు అని పెట్టాడు. ఏడాదికి ఒక్కరికే. ఏదైనా విషయం మీద రెండేళ్లు పరిశోధన చేసుకోవచ్చు. తీర్పరులు ముగ్గురు. అధ్యక్షులు రిటైరైన సర్జను గదాధర మహాపాత్ర గారు. తరవాత ప్లీడరు అప్పలస్వామి గారు. మూడో ఆయన మా వైకుంఠరావు గారు. కాగితాలు పంచడం, మార్కులు కూడడం నా పని.

డాక్టరు గారు ఇంగ్లండులో చదివిన మనిషి. నియమాలన్నీ ఆయనే రాశారు. ప్రతి దరఖాస్తునీ అయిదు విషయాలలో తూచాలి. ప్రశ్న విలువైనదా, దీనికి వందలో ఇరవై అయిదు బరువు. ముందు ఎవరెవరు ఏం చేశారో అభ్యర్థికి తెలుసా, పదిహేను. చేసే పద్ధతి సరైనదా, ముప్ఫై. ఉన్న సాధనాలతో రెండేళ్లలో అయ్యే పనేనా, ఇరవై. మనిషి సమర్థుడా, పది. ఒక్కొక్క దానికి పదికి ఇన్ని అని మార్కు వేస్తే, దాన్ని ఆ బరువుతో హెచ్చవేసి పదితో భాగించేది నేను. పద్ధతికి పదికి తొమ్మిది వస్తే ఇరవై ఏడన్నమాట. మనిషికి అవే తొమ్మిది వస్తే తొమ్మిదే. ముగ్గురి మొత్తాలూ కలిపి ఎవరిది పెద్దదైతే వారికి స్కాలర్‌షిప్పు.

దీనికి తోడు ప్రతి అంకె కింద కారణం రాయాలి. దరఖాస్తులో ఏ పేజీ చూసి ఆ అంకె వేశారో చెప్పాలి. ముగ్గురూ ఎవరింట్లో వాళ్లు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా వేసి, కవరు అంటించి నాకివ్వాలి. సమావేశంలో అన్నీ పైకి చదువుతారు. కారణం అంకెని మొయ్యకపోతే ఆ అంకె వేసినవారికే తిరిగి వెళ్తుంది. మార్చాలంటే అక్కడే, కొత్త కారణం రాసి, పొడి సంతకం పెట్టి మార్చాలి.

ఆ ఏడు దరఖాస్తులు నాలుగు వచ్చాయి. ఒకాయన రుషికుల్యా నది ఇసకలోంచి బంగారం తీస్తానన్నాడు. ఇంకొకాయన సంతకం మర్చిపోయాడు. అసలు పోటీ మిగిలిన రెండిటికే. పేర్లు కొట్టేసి నంబర్లు వేశాను గానీ, బరంపురంలో నంబరు వెనక మనిషిని దాచడం ఎవరి తరం?

రెండో నంబరు, జిల్లాలోని పాత కోటల చరిత్ర. రాసిన కుర్రాడి ఇంగ్లీషు జరీ అంచులా మెరిసిపోతోంది. మూడో నంబరు కమలాకుమారిది. తండ్రి గంజాంలో, సర్కారువాళ్లు చేపలకి ఉప్పు పట్టించే యార్డులో గుమాస్తా. ఆ అమ్మాయి బి.ఎస్సీ. ప్యాసైంది. అక్కడ ఉప్పు పట్టిన కానాగంత చేపలు నాలుగు వారాలకి ఎర్రబడి పాడైపోతాయి. ఆడవాళ్లు బుట్టలు బుట్టలుగా ఎత్తి పారబోస్తారు. ఆ ఎరుపు ఉప్పులోంచి వస్తోందా, చేపలోంచా, యార్డులోంచా తేలుస్తానని ఆమె ప్రశ్న. వాల్తేరు లాబరేటరీలో చోటు ఇస్తామని ఒప్పుకున్నారు. తిండికీ ఖర్చుకీ మాత్రం ఈ స్కాలర్‌షిప్పే ఆధారం. ఇరవై నాలుగేళ్లు దాటితే దరఖాస్తు తీసుకోరు, ఆమెకి ఇదే ఆఖరి ఏడు. ఇది రాకపోతే దిగపహండిలో ఆడపిల్లల బడి, రెండో తరగతి, గుణింతాలు. ఆ ఉద్యోగం కాగితం అప్పటికే వాళ్లింట్లో ఉంది.

కవర్లు చించి కూడాను. వైకుంఠరావు గారివి కూడడానికి పెన్సిలు అక్కర్లేదు. అన్ని గళ్లలోనూ ఆరు, ఏ బరువుతో హెచ్చవేసినా మొత్తం అరవై. కోటలకి అరవై, చేపలకి అరవై. ఇసకలో బంగారానికీ అరవై!

ప్లీడరు గారు కోటలకి తొంభై మూడున్నర, చేపలకి నలభై ఒకటిన్నర వేశారు. డాక్టరు గారు కోటలకి నలభై ఆరున్నర, చేపలకి ఎనభై. మొత్తాలు చూస్తే కోటలకి రెండువందలు, చేపలకి నూట ఎనభై ఒకటిన్నర.

అప్పుడు నాకు ఒకటి అర్థమైంది. వైకుంఠరావు గారు న్యాయంగా మధ్యలో కూర్చున్నాననుకున్నారు. నిజానికి ఆయన కుర్చీ ఖాళీ. రెండింటికీ సమానంగా వేసినవాడు ఎవరికీ వెయ్యనట్టే. మిగిలిన ఇద్దరిలో ఎవరు ఎక్కువ తేడా చూపిస్తే వాళ్ల మాట నెగ్గుతుంది. ప్లీడరు గారి తేడా యాభై రెండు, డాక్టరు గారిది ముప్ఫై మూడున్నర. గొంతు పెద్దదైనవాడిది గెలుపు. ఈ మనిషి తన మూడో వంతు తీర్పుని మర్యాదగా మడిచి ప్లీడరు గారి జేబులో పెట్టారు.

సమావేశం ఆదివారం ఉదయం, డాక్టరు గారి ముందు గదిలో. మొత్తాలు చదివాను. ప్లీడరు గారు పైపంచ సర్దుకుని, "అయితే మరి కోటలే కదా. వీరన్నా, రాసీ," అన్నారు.

"రాయడానికి తొందరేటి?" అన్నారు డాక్టరు గారు. ఆయన తెలుగు మా తెలుగే, మధ్యలో ఒడియా జల్లుతారు అంతే. "కారణాలు సదవలేదు కదా. ముందర ప్లీడరు గారివే సదువు వీరన్నా. కోటల ప్రశ్నకి పదికి పది."

చదివాను. "ఈ పరిశోధనలో జిల్లాలోని ఉత్తమ వంశాల చరిత్ర వెలుగులోకి వచ్చును. పేజీ నాలుగు."

డాక్టరు గారు పేజీ నాలుగు తిప్పారు. కళ్లజోడు ముక్కు మీదకి జార్చుకుని చూశారు. "ఇందులో మీ తాతగారి పేరుందే!"

"ఉంటే? సరిత్రలో ఉన్నవాడి పేరు సరిత్రలో ఉండదా?"

"హఉ, హఉ, ఉంటాది. పద్ధతికి తొమ్మిది. దానికేటి రాసారు?"

"చాలా బాగున్నది," అని చదివాను. ఇంకా ఉందేమోనని కాగితం వెనక్కి తిప్పి చూశాను. లేదు.

"ఇది కారణం కాదు, ఆశీర్వచనం," అన్నారు డాక్టరు గారు. "అంకె తగ్గించండి, నేపోతే కారణం రాయండి."

ప్లీడరు గారు కలం తీశారు. పాతికేళ్లు కోర్టులో బతికినవాడికి కారణాలకి కరువా? మూడు పేజీలు రాశారు. అంకె ఒక్కటీ కదల్లేదు. కోటలు చూడాలంటే కోటల దగ్గరికి వెళ్లాలి, అభ్యర్థి వెళ్తానంటున్నాడు, కనక పద్ధతి సరైనది అని దాని సారం. చేపల ప్రశ్నకి రెండే వేసినందుకు, "ఎండుచేప వాసన గల విషయము విద్వత్తుకు తగదు" అని రాశారు. రాసిన కారణం ఎంత వెర్రిదైనా కారణమే, నియమం ప్రకారం కాగితం మీద నిలబడుతుంది. డాక్టరు గారు పళ్లు కొరుక్కుని, "ఉంచు. రేపు ఎవరైనా సదివి నవ్వుకుంటారు," అన్నారు. ఆయన అంకెలకి ఆయన కారణాలు అప్పటికే పేజీలతో సహా ఉన్నాయి. ప్లీడరు గారు తప్పు వెతికి వెతికి ఊరుకున్నారు.

"ఇక మాస్టరు గారివి," అన్నారు డాక్టరు గారు.

వైకుంఠరావు గారు మంచినీళ్లు తాగారు. ఆ గ్లాసు ఖాళీ అని తాగాక తెలిసింది ఆయనకి.

ఇక్కడ ఒక మాట. ఆయన అంకెలకి భయపడేవారు గానీ అక్షరాలకి కాదు. ఎవరూ చదవరనుకున్నారో, చదివినా మార్కు చూసి ఊరుకుంటారనుకున్నారో, కారణాలు మాత్రం ఒళ్లు దాచుకోకుండా రాశారు. నేను చదవడం మొదలుపెట్టాను.

"మూడో నంబరు, పద్ధతి, ఆరు. కారణం: నాలుగు రకాల ఉప్పులు వేరువేరుగా తీసుకొనుచున్నది. అదే రోజు పట్టిన అదే చేప, అదే తూకము. హుమ్మా మడుల ఉప్పు కొంత అట్లే, కొంత బాగా వేడిచేసి వాడును. వేడిచేసిన ఉప్పులో ఎరుపు రానిచో దోషము ఉప్పులోనిదని తేలును. జాడీలను మూడురోజుల కొకసారి చూచి లెక్క రాయును. పేజీలు అయిదు, ఆరు. నేను చేసినను ఇంతకంటె బాగుగా చేయలేను."

రెండో కాగితం తీశాను.

"రెండో నంబరు, పద్ధతి, ఆరు. కారణం: కోటలకు పోయి పెద్దలను అడుగుదునని మాత్రమే ఉన్నది. ఏ దస్తావేజులు చూచునో లేదు. ఇద్దరు పెద్దలు రెండు విధములుగా చెప్పినచో ఏమి చేయునో లేదు. ఇది పద్ధతి కాదు, ప్రయాణము."

డాక్టరు గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు. "మాస్టరు గారూ, మీకంటే బాగా చేసినవాళ్లకి ఆరు. పద్ధతే లేనివాళ్లకీ ఆరు. మీ థర్మామీటరు జొరమున్నా నేకపోయినా ఒకే డిగ్రీ సూపిత్తే, అది రోగికి ఎందుకండీ?"

ప్లీడరు గారు నవ్వారు. ఆ ఆరుల వల్లే తన కోటలు గెలుస్తున్నాయని తెలిసినవాడి నవ్వు అది. "ఆయన నిష్పాక్షికులండీ. అందరికీ సమానం. ఉండనీండి."

"అంకె మోసే కారణం నేదు. తిరిగి ఆయనకే," అన్నారు డాక్టరు గారు.

వైకుంఠరావు గారు నావైపు చూశారు. నేను కిటికీలోంచి చూశాను. ఆయన గొంతు తగ్గించి, "డాక్టరుగారూ, ఆ మూడో నంబరు తెలుగమ్మాయండి. నాను ఎక్కువేస్తే రేపు ఊళ్లో ఏటంటారు?" అన్నారు.

"రెండో నంబరు మాత్రం తెలుగోడు కాదా?" అన్నాను నేను, ఉండబట్టలేక.

ఆయన తెల్లబోయారు. నిజమే, ఇద్దరూ తెలుగువాళ్లే. ఇద్దరు తెలుగువాళ్ల మధ్య తెలుగు పక్షపాతం చూపించకుండా ఉండడానికి ఈ మహానుభావుడు చెమటలు కక్కుతున్నాడు. భయం అలవాటైతే మనిషి దేనికి భయపడుతున్నాడో కూడా చూసుకోడు.

"ఇవిగో గళ్లు. అయిదున్నాయి," అన్నారు ఒడియా డాక్టరు గారు, కాగితాన్ని వేలితో కొడుతూ. "ఊళ్లోవాళ్లు ఏటంటారో దానికి గడి ఎక్కడుంది? దాని బరువెంత? నాను పెట్టలేదే!"

వైకుంఠరావు గారి చెవులు ఎర్రబడ్డాయి. నాకు జాలి వేసింది, ఒక క్షణం. కలం తీశారు. కోటలతో మొదలుపెట్టారు. ప్రశ్నకి ఏడు. ఆరు కాని అంకె రాయడం చెయ్యి మర్చిపోయినట్టుంది, ఏడు తోక రెండుసార్లు దిద్దారు. ముందువాళ్ల పని గురించిన పూర్వజ్ఞానానికి ఆరు ఉంచారు. పద్ధతికి రెండు. ప్లీడరు గారు "ఏటీ!" అన్నారు. ఈయన తల ఎత్తలేదు. రెండేళ్లలో అవుతుందా అంటే అయిదు, మనిషికి ఆరు. నేను కూడాను, నలభై ఎనిమిదిన్నర.

తరవాత చేపలు. ప్రశ్నకి ఎనిమిది. పద్ధతికి తొమ్మిది. నా ప్రాణం లేచి వచ్చింది. అంతలో ఆయన వెనక్కి వెళ్లి పూర్వజ్ఞానం దగ్గర ఆరు కొట్టేసి అయిదు వేశారు. "చలిదేశాల ఉప్పు చేపల మీద ఇదే ఎరుపు గురించి పని జరిగింది, ఈ అమ్మాయికి తెలిసినట్టు లేదు" అని కారణం. ఆపైన రెండేళ్లలో అయ్యే పనేనా అన్న గడిలో ఆరు కొట్టేసి నాలుగు వేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు అందరికీ ఆరు వేసినాయన, ఈ అమ్మాయికి అన్నం పెట్టే రోజున నాలుగు వేస్తాడా? ఈ గడికి ఇరవై బరువు. ఇక్కడ రెండు తగ్గితే మొత్తంలో నాలుగు పోతాయి.

"మేష్టారూ!" అన్నాను.

"నాలుగు సేపల రేవులు తిరుగుతానంది వీరన్నా," అన్నారు ఆయన, మొదటిసారి నా కళ్లలోకి చూస్తూ. "సేపలు పడేది ఏడాదికి కొన్ని నెలలే. రెండేళ్లంటే రెండు సీజన్లు. ఒక్క మనిషికి కుదరదు. తొమ్మిదికి కారణం రాసిన కలంతోనే దీనికీ రాయాల కదా." మనిషి సామర్థ్యానికి ఏడు వేసి, పొడి సంతకం పెట్టారు.

ఇరవై, ఏడున్నర, ఇరవై ఏడు, ఎనిమిది, ఏడు. అరవై తొమ్మిదిన్నర.

నేను మళ్లీ కూడాను. కోటలు, నలభై ఎనిమిదిన్నర, తొంభై మూడున్నర, నలభై ఆరున్నర. నూట ఎనభై ఎనిమిదిన్నర. చేపలు, అరవై తొమ్మిదిన్నర, నలభై ఒకటిన్నర, ఎనభై. నూట తొంభై ఒకటి. మూడువందలకి రెండున్నర తేడా. మూడుసార్లు కూడాను. ప్లీడరు గారు కాగితం లాక్కుని నాలుగోసారి కూడారు. కాగితం నా ఒళ్లోకి విసిరి, పైపంచ దులుపుకుని వెళ్లిపోయారు. వెళ్తూ వైకుంఠరావు గారితో, "సౌమ్యులనుకున్నాం," అన్నారు. ఆ మాట ఇంత తిట్టుగా పనికొస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

నియమం ప్రకారం కారణాల నకళ్లు గెలిచినవారికీ ఓడినవారికీ పంపాలి. పంపాను. ఎనిమిదో రోజు సాయంత్రం మా పక్కింటి అరుగు మీద కమలాకుమారి, వెనక గొడుగు పట్టుకుని వాళ్ల నాన్న. దండం పెట్టడానికి వచ్చారనుకున్నాను. దండమూ పెట్టింది, ఆ వెంటనే కాగితం విప్పింది.

"మేష్టారూ, ఈ నాలుగేటండి?"

"నాలుగు రేవులు ఎక్కువమ్మా. రెండు సాలు."

"ఎలా సాలుతాయండి? రెండు రేవుల్లో సేపలకి గోతుల్లో ఉప్పేస్తారు, రెండిట్లో తొట్టెల్లో ఏస్తారు. అవి రెండూ ఇవి రెండూ సూడకపోతే, ఎరుపు ఉప్పుదో గోతిదో ఎలా తెలుస్తాది?"

"అది దరఖాస్తులో రాసేవా?"

"నేదండి."

"రాయంది నాకెలా తెలుస్తాది? నాను కాగితానికి ఏస్తాను గానీ నీ మనసులో ఉన్నదానికి ఏస్తానా?"

వాళ్ల నాన్న కంగారుగా, "ఊరుకో అమ్మా, ఇచ్చేరు కదా, పెద్దోరితో వాదనేటి?" అన్నాడు.

"వాదించనీ," అన్నారు వైకుంఠరావు గారు. "అయినా నాలుగు తిరగలేవు. గోతుల రేవొకటి, తొట్టెల రేవొకటి. రెండే."

"తిరుగుతానండి."

"తిరగలేవు!"

ఆయన గొంతు మా వంటింట్లోకి స్పష్టంగా వినబడింది. కూర్మమ్మ గారు పెసరట్టు పెనం మీద వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడింది, ఇంట్లోకి కొత్త మనిషి ఎవరో వచ్చినట్టు. అట్టు మాడిన వాసన మా ఇంటిదాకా వచ్చింది. అరుగు మీద ఇద్దరూ రేవుల పేర్లు, నెలల పేర్లు సుద్దముక్కతో గచ్చు మీద రాస్తూ, చెరుపుతూ, ఒకరి రాత మీద ఒకరు గీత కొడుతూ కూర్చున్నారు. చీకటి పడేసరికి మూడు రేవుల దగ్గర ఇద్దరూ ఆగారు. మూడోది ఒప్పుకోవలసి వచ్చిందని ఆయనా, నాలుగోది వదులుకున్నానని ఆ అమ్మాయీ, ఎవరికి వారు మూతి ముడుచుకునే లేచారు.